ఆల్బమ్ పేజీలో అమ్మమ్మ ముఖం

పెళ్లిలో గ్రూప్ ఫోటో తీసేటప్పుడు అందరి కళ్లూ ఒకేసారి తెరుచుకుని ఉండటం అరుదు. ఇరవై మంది నిలబడితే ఎవరో ఒకరు రెప్ప వేస్తారు, ఇంకెవరో పక్కకు చూస్తారు. అందుకే ఒక ఫ్రేములోని ముఖాన్ని తీసి మరో ఫ్రేములో పెట్టడం ఫోటో స్టూడియోల్లో మామూలు పని అయిపోయింది. తెర మీద చూసినంతసేపూ ఆ పని చక్కగానే ఉంటుంది. ఆల్బమ్ ఇంటికి వచ్చాక మాత్రం ఇరవై ముఖాల్లో ఆ ఒక్కటే మైనం పూసినట్టు మెత్తగా కనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చెప్పలేకపోయినా, ఏదో తేడా ఉందని పేజీ తిప్పిన ప్రతివారికీ తెలిసిపోతుంది.

చాలామంది ఈ తప్పును అతుకులో వెతుకుతారు. మెడ దగ్గర, చెవి పక్కన గీత ఏమైనా పడిందా అని చూస్తారు. అసలు కారణం సాధారణంగా అక్కడ ఉండదు. ఫోటో మొత్తానికి ఉన్న రిజల్యూషన్ ఒకటి, అందులో అతికించిన ముఖానికి ఉన్నది మరొకటి. ఫైలు వివరాలు అడిగితే కంప్యూటర్ ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి ఈ రెండో అంకె ఎవరి దృష్టికీ రాదు. ప్రింటులో ముఖం అతకాలంటే లెక్క వేయాల్సింది ఆ రెండో అంకెనే.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మన దగ్గర పెళ్లిళ్లకు ఎక్కువగా చేయించుకునే కరిజ్మా ఆల్బమ్‌లో ఒక షీటు 12×36 అంగుళాలు ఉంటుంది. మధ్యలో మడత పడి, అటు 18 అంగుళాలు ఇటు 18 అంగుళాల పేజీలవుతాయి. పెళ్లివారి గ్రూప్ ఫోటోను ఒక పేజీ నిండా, అంటే 18×12 అంగుళాల్లో వేయాలనుకున్నారు. కెమెరా 24 మెగాపిక్సెళ్లది, ఫోటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు. వెనుక వరసలో పదిమంది, ముందు కుర్చీల్లో పెద్దవాళ్లు. అందరూ బాగా వచ్చిన ఒకే ఒక ఫ్రేములో అమ్మమ్మ కళ్లు మూసుకుంది.

6000ను 18తో భాగిస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు వస్తాయి. ఆల్బమ్‌కు అడిగేది 300. ఆ 300 అనే అంకె ఊరికే వచ్చింది కాదు. ఆల్బమ్‌ను ఒళ్లో పెట్టుకుని ఒక అడుగు దూరం నుంచి చూసేటప్పుడు మామూలు కంటిచూపు విడదీసి చూడగలిగిన చుక్కలు అంగుళానికి సుమారు అన్నే. కాబట్టి ఫోటో వరకు ఇబ్బంది ఏమీ లేదు. ఇప్పుడు ముఖం సంగతి చూద్దాం. పదిమంది వెడల్పు పట్టిన ఫ్రేములో ఒక్కొక్కరి ముఖం చెంప నుంచి చెంప వరకు దాదాపు 200 పిక్సెళ్లు ఉంటుంది. ప్రింటులో అది 0.6 అంగుళం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు. అమ్మమ్మకు కొత్తగా తెచ్చే ముఖంలో కూడా ఇంచుమించు 200 పిక్సెళ్లు ఉంటేనే పక్కవాళ్లతో సమానంగా నిలబడుతుంది.

ఆ ముఖాన్ని ఎక్కడి నుంచి తేవాలి? అన్నిటికన్నా మంచిది అదే ఫోటోగ్రాఫర్ అదే చోట నిలబడి, అవే లైట్ల కింద, రెండు సెకన్ల తర్వాత తీసిన ఫ్రేము. అక్కడ అమ్మమ్మ ముఖం 200 పిక్సెళ్లే ఉంటుంది. వెలుగు అదే, లెన్సు అదే, గరుకుదనమూ అదే. సాధారణంగా కథ ఇక్కడితో ముగియాలి. కానీ ఇంట్లోవాళ్లు మరోలా అడుగుతారు. పక్కన నిలబడి మనవడు ఫోనులో తీసిన ఫోటోలో అమ్మమ్మ నిండుగా నవ్వింది, ఆ నవ్వే కావాలంటారు. ఆ ఫోటో వాట్సాప్‌లో వచ్చింది.

వాట్సాప్ మామూలుగా పంపే ఫోటో పొడవు వైపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. మనవడు కూడా గుంపు మొత్తాన్ని ఫ్రేములో పట్టాడనుకుంటే, అందులో అమ్మమ్మ ముఖం 53 పిక్సెళ్లే. దాన్ని 200కు సాగదీయాలంటే దాదాపు నాలుగు రెట్లు పెంచాలి. పొడవునా వెడల్పునా లెక్క కడితే, ప్రింటులో కనిపించే ప్రతి పద్నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే నిజంగా ఫోటోలో ఉన్నది. మిగతావన్నీ సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల చూసి ఊహించి నింపినవి. ముడతలు, కనురెప్పల వెంట్రుకలు, ముక్కుపుడక మెరుపు అందులో ఉండవు. ఆ మెత్తదనం ఇక్కడి నుంచే వస్తుంది.

ఇలాంటప్పుడు మనవడి ఫోనులో ఉన్న అసలు ఫైలును అడగాలి. ఫోను 12 మెగాపిక్సెళ్లదైతే అసలు ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, అందులో ముఖం 133 పిక్సెళ్లు. ఒకటిన్నర రెట్లు పెంచితే సరిపోతుంది. ఇది ఒప్పుకోదగిన హద్దు, నా దృష్టిలో చివరి హద్దు కూడా. వాట్సాప్‌లోనే పంపించాలంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా జోడించమని చెప్పాలి, అప్పుడు ఫైలు కుదించుకుపోకుండా ఉన్నదున్నట్టు వస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, ఎందుకో దాన్ని తక్కువమంది వాడతారు. ముఖాన్ని పెంచలేనప్పుడు ఫోటో వేసే చోటును తగ్గించవచ్చు. అదే గ్రూప్ ఫోటోను పేజీ నిండా కాకుండా 12×8 అంగుళాల్లో వేసి, చుట్టూ ఖాళీ వదలండి. అప్పుడు షీటు మీద ఫోటో 3600 పిక్సెళ్ల వెడల్పుకు దిగుతుంది, ముఖానికి 120 పిక్సెళ్లు చాలు. ఫోనులోని 133 పిక్సెళ్ల ముఖం ఇప్పుడు సాగదీయకుండానే సరిపోతుంది. డిజైనర్ ఒక్క పేజీ అమరిక మారిస్తే, గంటలకొద్దీ రీటచింగ్ చేసినా రాని ఫలితం వస్తుంది.

ఫోటోషాప్‌లో Image Size తెరిచి 72 అని ఉన్నచోట 300 అని కొడితే ఫోటో ప్రింటుకు సిద్ధమైపోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. Resample టిక్కు తీసేసి కొడితే ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, అంగుళాల లెక్క మాత్రమే మారుతుంది. టిక్కు ఉంచి కొడితే పిక్సెళ్లు పెరుగుతాయి, కానీ అవి ఊహించి నింపినవే. ఏ ముఖాన్నైనా తెచ్చి పెట్టేముందు స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చుకోవడం మంచిది. లేకపోతే పెద్దది చేసి, చిన్నది చేసి, కాస్త తిప్పి చూసిన ప్రతిసారీ ఉన్న కొద్ది వివరం కూడా అరిగిపోతుంది.

ఫేస్ స్వాప్ యాప్‌లతో చేసే మార్పుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇలాంటి పరికరాల్లో విరివిగా వాడుకలో ఉన్న inswapper_128 అనే మోడల్ ముఖాన్ని 128×128 పిక్సెళ్ల చదరంలో తయారుచేసి ఫోటోలో అతికిస్తుంది. పేరు చివర ఉన్న అంకె అదే. మన గ్రూప్ ఫోటోలోని 200 పిక్సెళ్ల ముఖానికి అది కొద్దిగా తక్కువ పడుతుంది. పెళ్లికూతురి క్లోజప్‌లో ముఖం 1500 పిక్సెళ్లు ఉంటే పన్నెండు రెట్లు తక్కువ పడుతుంది. ఫోను తెర మీద బ్రహ్మాండంగా కనిపించిన మార్పు ప్రింటులో మసకబారడం అందుకే. ఆ మసకను పోగొట్టడానికి GFPGAN లాంటి ముఖం బాగుచేసే పరికరాలు వాడతారు. అవి ముఖాన్ని 512 పిక్సెళ్లలో మళ్లీ గీస్తాయి. స్పష్టత వస్తుంది నిజమే, కానీ ముడతలూ మచ్చలూ పోతాయి, ఒక్కోసారి పోలికే మారుతుంది. అమ్మమ్మ ముఖంలో ఆ ముడతలే పోతే మిగిలేది అమ్మమ్మ కాదు. అలాంటి పొరను పూర్తిగా కాకుండా సగం పారదర్శకంగా ఉంచి, అడుగున ఉన్న అసలు ముఖం కనిపించేలా చేయడం నయం.

సరే, 133 పిక్సెళ్ల ముఖాన్ని తెచ్చాం. పెట్టాం. మెడ దగ్గర గొలుసు కిందా, గడ్డం నీడలోనూ అతుకు దాచాం. ఇంకా ఏదో తేడాగా ఉంది. ఇక్కడ చూడాల్సింది గరుకుదనం. కల్యాణమండపం వెలుతురులో కెమెరా ఐఎస్‌ఓ 1600 దాకా పెంచి తీసిన ఫోటోలో చర్మం మీద సన్నని ఇసుక చల్లినంత నాయిస్ ఉంటుంది. ఫోను మాత్రం తనంతట తానే ఆ నాయిస్‌ను తుడిచేసి, అంచులను పదును పెట్టి ఫోటోను దాచుకుంటుంది. అందువల్ల ఒకే ఫ్రేములో అందరి చెంపలూ గరుకుగా, అమ్మమ్మ చెంపలు నున్నగా ఉంటాయి, పైగా ఆమె కనుబొమల చుట్టూ మాత్రం పలచని తెల్లటి అంచు కనిపిస్తుంది.

నాయిస్‌ను తీసేయడం కన్నా కలపడం తేలిక. అమ్మమ్మ ముఖం పొర మీద Add Noise తెరిచి, Gaussian, Monochromatic ఎంచుకుని, ఒకటి రెండు శాతం నుంచి మొదలుపెట్టి, పక్కన కూర్చున్న తాతయ్య చెంపతో పోలుస్తూ పెంచుకుంటూ పోవాలి. చూడటం మాత్రం తప్పనిసరిగా 100 శాతం జూమ్‌లోనే చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా తెరిచి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. మండపంలోని పచ్చటి వెలుగులో నీలం చానెల్‌కు అందే కాంతి తక్కువ, అందుకే నాయిస్ అందులో ఎక్కువగా ఉంటుంది. రంగుల్లో దాక్కున్న తేడా ఆ నలుపు తెలుపు బొమ్మలో ముఖం ఆకారంలో తేటగా బయటపడుతుంది.

బొట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జేపీఈజీ ఫైలు కుదించేటప్పుడు వెలుగునీడలను పూర్తి వివరంతో ఉంచి, రంగుల వివరాన్ని అటు సగం ఇటు సగం తగ్గించడం పరిపాటి. మన కన్ను రంగుల సూక్ష్మతను అంతగా పట్టించుకోదు కాబట్టి మామూలు ఫోటోల్లో ఇది తెలియదు. చామనఛాయ నుదుటి మీద ఎర్రటి కుంకుమబొట్టు లాంటి చోట మాత్రం తెలుస్తుంది. వాట్సాప్ దాటి వచ్చిన ఫోటోలో ఎరుపు బొట్టు అంచు దాటి చర్మంలోకి పాకినట్టు ఉంటుంది. దాన్నే పెద్దది చేసి, పదును పెడితే నుదుటి మీద చిన్న చిన్న చదరపు మరకలు తేలుతాయి. దీనికి మంచి మందు ఒకటే. బొట్టును కొత్త ముఖంతో తేకూడదు. కళ్లు మూసుకున్న పాత ఫ్రేములో బొట్టు బాగానే ఉంది కదా, మాస్కులో ఆ చోటు తెరిచి దాన్నే ఉంచుకోవాలి. ముక్కుపుడక, చెవి కమ్మలు, తల్లో పూలు, జుట్టు అంచు కూడా వీలైనంత వరకు పాత ఫ్రేములోవే ఉంచితే మంచిది. తల కదలకపోతే కళ్లూ, చెంపలూ, నోరూ మార్చితే చాలు. మార్చిన భాగం ఎంత తక్కువైతే సరిచూడాల్సింది అంత తక్కువ.

ఇక పదును, అంటే షార్పెనింగ్. దీని మీద బ్రూస్ ఫ్రేజర్ అనే ఫోటోషాప్ నిపుణుడు 2006లో ఒక పుస్తకమే రాశాడు. ఫోటో తీసినప్పటి మెత్తదనాన్ని సరిచేసే పదును మొదట్లో, ప్రింటు కోసం పెట్టే పదును చిట్టచివర్లో, రెండూ వేర్వేరుగా చేయాలన్నది ఆయన పద్ధతిలో ముఖ్యమైన మాట. ముఖం మార్చిన ఫోటోకు ఈ మాట మరీ వర్తిస్తుంది. ఫోను ముఖానికి ముందే పదును పడి ఉంది, కెమెరా ఫ్రేముకు పడలేదు. రెండింటినీ కలిపేసి మొత్తం మీద ఒకేసారి పదును పెడితే అమ్మమ్మ ముఖానికి రెండుసార్లు పడినట్టు. అందుకని ముందు ఇద్దరినీ ఒక స్థాయికి తేవాలి. ముఖం మెత్తగా ఉంటే దానికి మాత్రమే కాస్త పదును, గీసినట్టుగా ఉంటే అర పిక్సెల్ గాసియన్ బ్లర్. నాయిస్ కలపడం ఈ సర్దుబాటు తర్వాతే చేయాలి, లేకపోతే కలిపిన నాయిస్ కూడా దీనితోపాటు మారిపోతుంది.

చివరి పదును ఎప్పుడు పెట్టాలన్న దానిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 6000 పిక్సెళ్ల ఫోటోకు పదును పెట్టి, తర్వాత దాన్ని షీటులో 5400కు తగ్గిస్తే, తగ్గించడంలో కొంత పదును పోతుంది. 12 అంగుళాల చోటు కోసం 3600కు తగ్గిస్తే ఇంకా పోతుంది. కాబట్టి పేజీలో ఫోటో ఏ సైజులో వస్తుందో తేలాక, ఆ సైజుకు తెచ్చిన నకలు మీదే చివరి పదును పెట్టాలి. Unsharp Mask లో మూడు అంకెలుంటాయి. Amount ఎంత గట్టిగా అనేది, Radius అంచుకు ఎంత దూరం వరకు అనేది, Threshold ఎంత తేడా ఉన్నచోట మాత్రమే పనిచేయాలి అనేది. 300 రిజల్యూషన్ ఉన్న గ్రూప్ ఫోటోకు నేను 90 శాతం, 1.2 పిక్సెళ్లు, 3 అనే అంకెలతో మొదలుపెడతాను. ఆ రేడియస్‌తో అంచు వెంట ఏర్పడే తెల్లటి గీత ప్రింటులో అంగుళంలో 250వ వంతు ఉంటుంది, ఒళ్లో పెట్టుకుని చూసే కంటికి అది గీతగా కనిపించదు, స్పష్టతగా మాత్రమే అనిపిస్తుంది. రేడియస్ 3 దాటితే పట్టుచీర జరీ అంచు బాగా మెరుస్తుంది కానీ ముఖాలన్నీ బొగ్గుతో గీసినట్టు తయారవుతాయి. మ్యాట్ పేపరు మీద వివరం కొద్దిగా అణుగుతుంది కాబట్టి అమౌంట్ ఇంకాస్త పెంచవచ్చు, గ్లాసీ మీద వద్దు. పదును పెట్టిన పొరను Luminosity మోడ్‌లో ఉంచితే రంగుల అంచులు చెదరవు.

ఈ దశలోనే అతుకులు బయటపడతాయి. మాస్కు అంచును జుట్టు దగ్గర మరీ కచ్చితంగా కోసి ఉంటే, షార్పెనింగ్ ఆ కోతను కూడా ఒక అంచుగానే భావించి దాన్ని మరింత స్పష్టం చేస్తుంది. అంతవరకూ కనిపించని గీత మెడ చుట్టూ తేలుతుంది. అలా తేలితే పదును తగ్గించడం పరిష్కారం కాదు. వెనక్కి వెళ్లి మాస్కు అంచును, అదే ఫోటోలో పక్కనున్న మనిషి జుట్టు అంచు ఎంత మెత్తగా ఉందో అంత మెత్తగా చేయాలి. సాధారణంగా ఒకటి రెండు పిక్సెళ్ల ఫెదర్ సరిపోతుంది, చర్మం మీదుగా వెళ్లే చోట్ల ఇంకా వెడల్పుగా ఉండాలి.

తెర మీద ఎంత చూసినా ప్రింటు ప్రింటే. షీటు మొత్తం వేయించాల్సిన పనిలేదు. సిద్ధమైన షీటు ఫైలులోంచి అమ్మమ్మ మధ్యలో వచ్చేలా 1800×1200 పిక్సెళ్ల ముక్కను సైజు మార్చకుండా కత్తిరించి, మామూలు 6×4 ప్రింటు వేయించండి. 300 లెక్కన అది సరిగ్గా ఆరు అంగుళాలు, అంటే ఆల్బమ్‌లో ముఖం ఎంత వస్తుందో ఇక్కడా అంతే వస్తుంది. ఆల్బమ్ వేసే ల్యాబులోనే, అదే పేపరు మీద వేయిస్తే ఇంకా మంచిది. దాన్ని మార్పు సంగతి తెలియని ఎవరికైనా ఇచ్చి, ఈ ఫోటోలో ఏ ముఖం వేరుగా ఉందని అడగండి. వాళ్ల చూపు అమ్మమ్మ దగ్గర ఆగకపోతే పని అయినట్టే.

ఫైలు ఫార్మాట్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, రెండు ఫైళ్లు ఉంటే చాలు. పొరలన్నీ విడివిడిగా, చివరి పదును పెట్టకుండా, అసలు 6000 పిక్సెళ్లతో దాచుకునే పీఎస్‌డీ లేదా టిఫ్ ఒకటి. ల్యాబుకు పంపే జేపీఈజీ రెండోది. పని జరుగుతున్నంతసేపు జేపీఈజీగా సేవ్ చేసి, మళ్లీ తెరిచి, మళ్లీ సేవ్ చేయకూడదు, ప్రతిసారీ కొంత పోతుంది. చివరి జేపీఈజీని ఫోటోషాప్‌లో క్వాలిటీ 10 గానీ 12 గానీ పెట్టి సేవ్ చేయాలి. Save As లో 6 గానీ అంతకన్నా తక్కువ గానీ పెడితే ఇందాక బొట్టు దగ్గర చెప్పుకున్న రంగుల కోత మళ్లీ మొదలవుతుంది, 7 నుంచి పైకి అది ఉండదు. పీఎన్‌జీ పంపినందువల్ల ఆల్బమ్‌లో కనిపించే లాభం లేదు. ల్యాబు ప్రత్యేకంగా అడిగితే తప్ప సీఎంవైకేలోకి మార్చవద్దు.

రంగుల ప్రొఫైల్ మాత్రం చూసుకోవాలి. ఐఫోన్ ఫోటో హెచ్‌ఈఐసీ ఫైలుగా, డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటుంది. కెమెరా ఫ్రేము అడోబ్ ఆర్‌జీబీలో ఉండవచ్చు. అతికించేటప్పుడు ప్రొఫైల్ తేడా గురించి ఫోటోషాప్ అడిగితే మార్చడానికి ఒప్పుకోవాలి, లేకపోతే అమ్మమ్మ చర్మం ఒక్కటే పాలిపోతుంది లేదా ఎర్రబడుతుంది. చివరికి మొత్తాన్ని Convert to Profile ద్వారా ఎస్‌ఆర్‌జీబీలోకి తెచ్చి, ప్రొఫైల్‌ను ఫైలులో ఉంచి పంపాలి. ఇక్కడ Assign Profile వాడితే అంకెలు అలాగే ఉండి రంగులు మారిపోతాయి. ఆ జేపీఈజీని పెన్‌డ్రైవులోనో గూగుల్ డ్రైవులోనో ఇవ్వాలి. ఇంత చేసి మళ్లీ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే షీటు 10800 పిక్సెళ్ల నుంచి 1600కు పడిపోతుంది.

పొరలున్న ఫైలును దాచమనడానికి కారణం ఉంది. ఆల్బమ్ చూశాక అదే ఫోటో హాల్లో గోడకు పెట్టుకోవడానికి 30×20 అంగుళాల్లో కావాలని ఇంట్లోవాళ్లు తరచూ అడుగుతారు. అప్పుడు 6000ను 30తో భాగిస్తే అంగుళానికి 200 వస్తాయి, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే ఫోటోకు అది ధారాళంగా సరిపోతుంది. ముఖం ఒక అంగుళమవుతుంది. తాతయ్యకు 200 పిక్సెళ్లు ఉంటే అమ్మమ్మకు 133 మాత్రమే ఉంటాయి, పేజీలో 12 అంగుళాల దగ్గర దాగిన తేడా గోడ మీద, దగ్గరికి వెళ్లి చూసినవాళ్లకు కనిపిస్తుంది. ఆ ప్రింటుకు ఫోను ముఖం పొరను ఆపేసి, ఫోటోగ్రాఫర్ రెండు సెకన్ల తర్వాత తీసిన ఫ్రేములోంచి ముఖం తెచ్చుకోవడమే సరైన పని. నవ్వు కొంచెం తక్కువగా ఉంటుంది, ముడతలు మాత్రం అన్నీ ఉంటాయి.